మూడో ప్రశ్న

రాయగడలో మా ఆసుపత్రి జూనియర్ డాక్టరు సూర్యావతి, సికిల్‌సెల్ జబ్బున్న పదకొండుమంది పిల్లల మీద వ్యాసం రాసింది. ఎనిమిది నెలలకి జర్నల్ జవాబిచ్చింది: సవరించి పంపితే మళ్ళీ చూస్తాం.

ముందు ఇంగ్లీషూ, రిఫరెన్సులూ దిద్దుతానంది. నాకు ఒళ్ళు మండింది.

"అవి ఓ పూట పని, అమ్మి. రెండో రివ్యూయరు మూడో ప్రశ్న సూడు. ఆ పిల్లలు తర్వాత ఏమయ్యేరని అడిగేడు. అది లేకపోతే అచ్చెయ్యలేమని ఎడిటరే రాసేడు. మొదటిది అదే."

"ఒక్క లైనే కదాని ఆఖర్న పెట్టేను సార్."

వారంపాటు ఆ పిల్లల ఊళ్ళన్నీ తిరిగొచ్చి, పట్టికలో ఏడుగురి ఎదురుగా 'మరణం' అని రాసింది.

"కకిరిగుమ్మ ఊళ్ళో పాప బతికుంది. నన్ను చూసి మందు తెచ్చేననుకుని వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చింది. నేను ప్రశ్నే పట్టుకెళ్ళేను సార్."