జేబులో చేతులు

బావమరిది ఇంజనీరు ముందు టేబుల్ మీద పెట్టిన డబ్బా అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. దాన్ని మోటారుకు అతికిస్తే చాలట. బేరింగ్ ఎప్పుడు పోతుందో పది రోజుల ముందే ఫోనుకు చెప్పేస్తుందట.

"మీ ముప్పై ఏళ్ల అనుభవం, నా డబ్బా. ఇంక మనకి ఎదురేముంది బావా? మీరే టెక్నికల్ డైరెక్టరు."

"ఎంతమంది కొన్నారు?"

"ఇద్దరు ట్రయల్‌కి తీసుకున్నారు."

"కొన్నవాళ్ల సంగతి అడిగాను."

బావమరిది డబ్బాను కొంచెం ఇటు జరిపాడు.

ఇంజనీరుకు యాభై నాలుగేళ్లు. పంపులు, మోటార్లు, ఫ్యాన్లు, తిరిగేది ఏదైనా ఆయన చేతికిందకు వచ్చి బాగుపడ్డదే. ఫ్యాక్టరీ మూతపడినప్పుడు చేతికొచ్చిన మొత్తమూ, ఈ ఇల్లూ తప్ప ఆయనకు వేరే ఆస్తి లేదు. బావమరిది అడుగుతున్నది ఆ మొత్తం అంతా. అది పోతే మళ్లీ సంపాదించుకోవడానికి ఇంకో ముప్పై ఏళ్లు లేవు.

"అక్క ఉంటే ఈపాటికి మీ చేత సంతకం పెట్టించేది."

"మీ అక్క ఆస్పత్రిలో నలభై రోజులుంది. నువ్వు రెండుసార్లొచ్చావు. ఆవిడ ఏమనేదో నాకు తెలుసులే."

ఇంజనీరు డబ్బాను వెనక్కి తోశాడు. తర్వాత తనే అన్నాడు.

"మూణ్ణెల్లు ఆగు. కన్సల్టెంటుగా బతకగలనో లేదో చూసుకుంటా. ఒక్క కంపెనీ అయినా డబ్బిచ్చి నన్ను రెండోసారి పిలవాలి. పిలవకపోతే సంతకం పెడతా."

"రెండోసారేమిటి?"

"మొదటిసారి మొహమాటానికి పిలుస్తారు."

నెలన్నర ఫోన్ల మీదే గడిచింది. పాత స్నేహితులందరూ ఆప్యాయంగానే మాట్లాడారు. ఇటువైపు వచ్చినప్పుడు ఓసారి చూసి వెళ్లమన్నారు, ఫీజు అనగానే పనుందని పెట్టేశారు. చివరికి ఒక కాగితం మిల్లు మేనేజరు పిలిచాడు. గుజ్జు తోడే పంపు ఒకటి, దాని మోటారు బేరింగ్ మూడు వారాలకోసారి పోతోంది. అది ఆగితే మిల్లంతా ఆగినట్టే.

పంపు గదిలో నలుగురు ఫిట్టర్లు పానాలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్లకు పెద్ద ఒక హెడ్ ఫిట్టర్, మీసాలకు గ్రీజు అంటిన మనిషి.

"జరగండి," అన్నాడు ఇంజనీరు.

జరిగారు. ఆయన మోటారు పాదం మీద, ఇసుమంత కదలికనూ ముల్లుతో చూపే డయల్ గేజ్ నిలబెట్టి, ఒక్కొక్క బోల్టే వదులు చేసి, మళ్లీ బిగించి చూశాడు. మొదటి రెండు పాదాల దగ్గర ముల్లు కదల్లేదు. మూడో బోల్టు వదలగానే పాదం పైకి లేచింది, ముల్లు గిర్రున తిరిగింది. ఆ పాదం కింద ఏడు పల్చని రేకులు, వాటి మధ్య కత్తిరించిన కూల్‌డ్రింకు డబ్బా ముక్క ఒకటి. పాదం కింది ఇనుప పీటకు ఆనకుండా బోల్టుతో బలవంతంగా నొక్కేస్తే మోటారు ఒళ్లే మెలిపడుతుంది. ఆ మెలిక తిన్న మోటారులో ఏ బేరింగూ బతకదు. రేకులన్నీ తీసేసి, పీట మీది తుప్పు గీకి, సరిపడే మందం రేకు ఒక్కటి పెట్టాడు. మోటారునూ పంపునూ ఒకే గీత మీదకు తెచ్చాడు. మూడు గంటల పని. వణుకు నాలుగో వంతుకు దిగింది.

"మ్యాజిక్కండీ!" అన్నాడు మేనేజరు.

ఇంజనీరు ఇంటికి నిటారుగా నడిచి వచ్చాడు.

ఇరవై మూడో రోజున ఫోను మోగింది. బేరింగ్ మళ్లీ పోయింది. ఇది పిలుపు కాదు, తిట్టు. డబ్బు ఊసే లేదు. సంగతి తెలిసి బావమరిది ఆ సాయంత్రమే వచ్చాడు.

"నా డబ్బా ఉండి ఉంటే ముందే చెప్పేది బావా."

"పోతుందని చెప్పేది. ఎందుకు పోతుందో చెప్పేదా?"

"గడువు ఇంక మూడు వారాలే."

"క్యాలెండరు నా గోడకీ ఉంది."

పంపు గదిలోకి అడుగు పెడుతూనే ఆయనకు విషయం అర్థమైంది. మోటారు రంగు వేరు. ఆయన వెళ్లిన రెండో రోజే పాతది కాలిపోతే, లోపలి తీగ మళ్లీ చుట్టించడానికి వైండింగ్‌కు పంపి, స్పేర్ మోటారు ఎక్కించారు. దాని పాదం కింద మళ్లీ ఆరు రేకులు.

"నేను చేసి వెళ్లింది చూశారుగా! మళ్లీ ఇదేమిటి?"

హెడ్ ఫిట్టర్ చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "మీరు జరగమన్నారు సార్. జరిగాం. జరిగినచోట నుంచి మీ వీపు తప్ప ఏం కనిపిస్తుంది?"

పక్కన ఒకడు కిసుక్కుమన్నాడు. ఇంజనీరు నవ్వలేదు, కోప్పడలేదు. ముప్పై ఏళ్లు జీతానికి పనిచేసినవాడి తప్పు చేశానని తెలుసుకున్నాడు. ఉద్యోగి తన చేత్తో బాగుచేస్తే చాలు, రేపు కూడా అక్కడే ఉంటాడు. కన్సల్టెంటు సాయంత్రానికి వెళ్లిపోతాడు. వెళ్లిపోయేవాడు తన చేతులు కాదు, వాళ్ల చేతులు వదిలి వెళ్లాలి.

మేనేజరు గదిలో ఇంజనీరు కూర్చోకుండానే మాట్లాడాడు.

"తప్పు నాదే. ఈసారి రూపాయి వద్దు. మూడు రోజులు, రోజుకు రెండు గంటలు మీ ఫిట్టర్లను ఇవ్వండి. నేను పానా ముట్టుకోను."

"ముట్టుకోకుండా ఏం చేస్తారండీ?"

"చూస్తా. చాలా కష్టమైన పని అది."

నిజంగానే కష్టమైంది. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. హెడ్ ఫిట్టర్ గేజ్‌ను వంకరగా పెడుతుంటే ఆయన వేళ్లు జేబులోనే గిలగిలలాడాయి.

"ఎంత కదిలితే తప్పు సార్?"

"మిల్లీమీటరులో నూటికి అయిదు వంతులు దాటితే. అంటే వెంట్రుకలో సగం అనుకో."

హెడ్ ఫిట్టర్ ఆయన బట్టతల వైపు చూశాడు. "కొలతకి మీ దగ్గర ఒక్కటీ లేదు కదా సార్!"

ఈసారి ఇంజనీరు కూడా నవ్వాడు. ఆ రోజు నుంచి మిల్లులో ఆయన పేరు వెంట్రుక మాస్టారు. మూడో రోజుకు నలుగురు ఫిట్టర్లూ ఎవరికి వారే పాదం దోషం పట్టుకున్నారు. ఒకడు రెండుసార్లు తప్పాడు, అయినా వాడి చేతిలోంచి పానా తీసుకోలేదు. హెడ్ ఫిట్టర్ కూల్‌డ్రింకు డబ్బా ముక్కను గోడకు మేకుతో కొట్టాడు.

తర్వాత మిల్లు నుంచి కబురు లేదు. గడువు తీరే రోజు పొద్దున్నే బావమరిది కాగితాలతో, కొత్త పెన్నుతో వచ్చి కూర్చున్నాడు. ఇంజనీరు కాగితాలు ముందుకు లాక్కుని మొదటి పేజీ చదవడం మొదలుపెట్టాడు. మాటంటే మాటే. రెండో పేజీలో ఉండగా ఫోను మోగింది. హెడ్ ఫిట్టర్.

"సార్, పాత మోటారు వైండింగ్ అయి వచ్చింది. నిన్న ఎక్కించాం. నాలుగు పాదాలూ చూశాం, రెండో దాని కింద తేడా ఉంటే సరిచేశాం. వెంట్రుకలో సగం కూడా లేదిప్పుడు."

"మరి నన్ను పిలవలేదే?"

"దీనికి మీరెందుకు సార్?"

ముప్పై ఏళ్లలో ఇంత మంచి మాట ఆయనతో ఎవరూ అనలేదు. వెంటనే ఫోను మేనేజరు చేతిలోకి వెళ్లింది.

"మాస్టారూ, మాకు ఇంకో యూనిట్ ఉంది. అక్కడ పదహారు మంది ఫిట్టర్లు. వాళ్లకీ ఇదే నేర్పాలి. ఫీజు చెప్పండి."

ఇంజనీరు ఫీజు చెప్పాడు. తడుముకోలేదు, తగ్గించలేదు. అవతల మేనేజరు ఒక్క క్షణం ఆగి సరేనన్నాడు.

ఫోను పెట్టేసి కాగితాలు మడిచి, బావమరిది వైపు తోశాడు.

"ఇది అదృష్టం బావా. ఎన్నాళ్లుంటుంది?"

"నాకు తెలిసింది అయిపోయేదాకా. నీ డబ్బా చెడ్డదని అనను. అది మోగినప్పుడు ఏం చెయ్యాలో తెలిసిన ఫిట్టరు కావాలి. కొన్నవాడెవడైనా దొరికితే చెప్పు, వాళ్ల మనుషులకి నేర్పుతా. రోజు లెక్కన తీసుకుంటా. వాటా వద్దు."

"సొంతవాళ్ల దగ్గర కూడా ఫీజేనా?"

"సొంతవాళ్ల దగ్గర ముందే తీసుకుంటా."

బావమరిది కాగితాలు సంచిలో పెట్టుకుని లేచాడు. పెన్ను మరిచిపోయాడు. ఇంజనీరు పిలిచి ఇవ్వబోయి ఆగాడు. పదహారు మందికి పాఠం రాసుకోవాలి. పెన్ను బాగానే రాస్తోంది.