బూటుకు కట్టిన బైండింగ్ వైరు

కొత్త బూట్లు వచ్చిన వారానికే జోసెఫ్ వాటికి తన సొంత వైద్యం కనిపెట్టాడు.

నానక్‌రామ్‌గూడలో లేస్తున్న ఆ సాఫ్ట్‌వేర్ టవర్‌లో వెల్డింగ్ ముఠాకు అతనే మేస్త్రీ. కాకినాడ వైపు మనిషి. పోర్టులో మొదలుపెట్టి, ఇక్కడ అద్దాల మేడలకు ఇనుప ఎముకలు అతికించేదాకా జీవితమంతా నిప్పురవ్వల మధ్యే గడిచింది. అతను వేసిన అతుకు పరీక్షలో ఫెయిలైందని ఎవరూ వినలేదు. అందుకే అతను ఏం చేస్తే ముఠా అంతా అదే చేస్తుంది. ఎలక్ట్రోడ్ పట్టుకునే తీరు, హెల్మెట్ కింద రుమాలు చుట్టుకునే తీరు, ఆఖరికి టీలో బిస్కెట్ ముంచే తీరు కూడా.

బూట్లు తెప్పించింది సేఫ్టీ ఆఫీసర్ కరుణ. పాత బూట్ల అడుగు వేడికి మెత్తబడి, అప్పుడే కోసిన ప్లేటు మీద కాలు పెడితే చాలు, అంటుకుని ముద్రలు పడేవి. వేళ్ల మీద మాత్రమే ఇనుప టోపీ ఉండేది. పైగా తాళ్లు. రవ్వ పడితే తాడు కాలేది, కరిగిన చుక్క ముడిలో చిక్కుకుని అక్కడే కూర్చునేది. కొత్త వాటికి అడుగున వేడికి తట్టుకునే నైట్రైల్ రబ్బరు. వేళ్ల వెనక, పాదం పైనున్న సన్నటి ఎముకల మీద గట్టి గార్డు. తాళ్లు లేవు. పక్కన ఒక బకిల్, దానికి ఎర్రటి పట్టీ.

"ఈ పట్టీ లాగితే బూటు మొత్తం విచ్చుకుంటుంది, కాలు బయటికి వచ్చేస్తుంది," అని కరుణ అందరి ముందూ లాగి చూపించింది. "లోపల చుక్క పడ్డాక మీకుండేది ఒకట్రెండు క్షణాలే. ప్యాంటు మాత్రం ఎప్పుడూ బూటు బయటే ఉండాలి, లోపలికి దోపొద్దు."

గార్డు సంగతి జోసెఫ్‌కు మర్నాడే అర్థమైంది. ఇనుప క్లాంపు జారి సరిగ్గా పాదం మీద పడింది. గార్డు మీద గీత పడింది తప్ప కాలికి ఏమీ కాలేదు. ఆ రోజు బూట్లను తెగ మెచ్చుకున్నాడు. చిక్కు వచ్చింది కూర్చునే దగ్గర. వాళ్లంతా గొంతుకూర్చునే వెల్డింగ్ చేస్తారు. అలా కూర్చుంటే గార్డు పై అంచు కాలి ఎముకకు ఒత్తుకుని, పక్కనున్న బకిల్ టప్పున ఊడిపోయేది. గంటకోసారి ఆగి పెట్టుకోవాలి. కరుణకు చెబితే చిన్న పీటలు తెప్పిస్తానంది, బకిల్ ఒక గడి వదులు చేసి చూడమంది.

"పీటేసుకు కూర్చోడానికి ఇదేమన్నా పెళ్లా మేడమ్ గారూ," అన్నాడు జోసెఫ్. ముఠా పగలబడి నవ్వింది. కరుణ కూడా నవ్వేసింది.

ఆ మధ్యాహ్నమే జోసెఫ్ సెంట్రింగ్ వాళ్ల దగ్గర ఇనుప చువ్వలు కట్టే బైండింగ్ వైరు చుట్ట ఒకటి తెచ్చాడు. సైటులో అది వాడని మరమ్మతు ఉండదు. తెగిన గొట్టానికీ, విరిగిన హ్యాండిల్‌కీ, తలుపు గొళ్లేనికీ అదే మందు. బకిల్ మీదుగా బూటు చుట్టూ రెండు చుట్లు చుట్టి, హుక్కుతో మెలేసి, కొస మడిచేశాడు. ఎంతసేపు గొంతుకూర్చున్నా ఇక బకిల్ ఊడలేదు. అందరూ తలా ఒక ముక్క అడిగి తీసుకున్నారు.

మొగిలి ఒక్కడే ఆగాడు. చందానగర్‌లో ఉండే అతను మాటలు తక్కువ మనిషి, గ్యాస్ కటింగ్‌లో చెయ్యి తిరిగినవాడు.

"మేస్త్రీ, గిట్ల కడితే తొందరగ తీయనీకి రాదు గద," అన్నాడు.

"ఎక్కడికి పరిగెత్తాలిరా నువ్వు? మియాపూర్ మెట్రో వెళ్లిపోతోందా?" అన్నాడు జోసెఫ్. మళ్లీ అందరూ నవ్వారు. మొగిలి కాలు ముందుకు చాపాడు. జోసెఫే వంగి కట్టాడు. గట్టిగా కట్టాడు కూడా. వైరు బిగిసిన చోట తోలు ముడతపడి, పైన బూటు అంచు ఒక పక్కకు తెరుచుకుంది. అది చూశాడు. ఏమీ అనుకోలేదు.

రెండు రోజులకు ప్రమాదం జరిగింది.

కాలమ్‌ను క్రేన్‌తో ఎత్తడానికి అతికించిన ఇనుప చెవిని మొగిలి కోస్తున్నాడు. కరిగిన ఇనుము ధారగా కింది ప్లేటు మీద పడి చిట్లుతోంది. గొంతుకూర్చోవడంతో అతని ప్యాంటు పైకి జరిగింది. ఒక చుక్క ఎగిరి, తెరుచుకున్న ఆ అంచులోంచి లోపలికి పోయింది.

మొగిలి అరవలేదు. కటింగ్ టార్చి ఆర్పి పక్కన పెట్టాడు, అంత అలవాటు. తర్వాత ఎర్ర పట్టీ లాగాడు. బకిల్ విడింది. బూటు విచ్చుకోలేదు. మళ్లీ లాగాడు. అప్పుడు అరిచాడు.

జోసెఫ్ పరిగెత్తుకొచ్చి మెలిక విప్పబోయాడు. తను వేసిన మెలికే. వేళ్లకు లొంగలేదు. గోరు ఊడింది. ముఠాలో జోసెఫ్ తర్వాత పెద్దవాడు నరేందర్ సిలిండర్ వాల్వు మూసేసి, కటింగ్ ప్లయర్‌తో వచ్చి తెంచేదాకా మొగిలి జోసెఫ్ భుజాన్ని పట్టుకుని ఊగిపోతూనే ఉన్నాడు. బూటు ఊడగానే నీళ్ల డ్రమ్ము దగ్గరికి మోసుకెళ్లి, అంబులెన్స్ వచ్చేవరకూ కాలి మీద నీళ్లు పోస్తూ కూర్చున్నాడు జోసెఫ్. అతని మీద మొగిలి తల వాల్చాడు.

కరుణ రొప్పుతూ వచ్చి ఏమైందని అడిగింది.

"బకిల్ పట్టేసిందండి," అన్నాడు జోసెఫ్.

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో అతనికే తెలియదు. తెగిన వైరు ముక్కలు అప్పటికే తన జేబులో ఉన్నాయి. వాటిని ఎప్పుడు ఏరాడో కూడా గుర్తులేదు.

సాయంత్రం షేర్ ఆటో పట్టుకుని దవాఖానకు వెళ్లాడు. చీలమండ పక్కన చర్మం లోతుగా కాలిందనీ, తొడ దగ్గరి చర్మం తీసి అతకాలనీ డాక్టర్లు చెప్పారట. మొగిలి భార్య సీతాబాయి వరండాలో నిలబడి ఉంది. జోసెఫ్‌ను చూడగానే చేతులు జోడించింది. ఎత్తుకుని పోయి నీళ్లు పోసింది మీరేనంట గదా అన్నా, నీళ్లు పోయకుంటే ఇంకా లోపలిదాకా కాలిపోయేదని డాక్టర్ చెప్పిండు అంది. వద్దంటున్నా టీ తెచ్చి చేతిలో పెట్టింది. ఆ టీ తాగలేదు. పారబోయడానికీ చెయ్యి రాలేదు.

మొగిలి మంచం మీదనుంచి అతని చొక్కా కొస పట్టుకుని దగ్గరికి లాగాడు.

"మేడమ్ ఫోన్ చేసింది మేస్త్రీ. పరేషాన్ల పట్టీ సరిగ గుంజలేదు, నాదే తప్పని చెప్పిన. నువ్వు ఫికర్ జేయకు."

జోసెఫ్ తలూపాడు. అది కాదురా అనాల్సిన చోట తలూపాడు. ఆ తలూపడం అతన్ని ఆదివారం చర్చిలో కూడా వదల్లేదు. అందరితోపాటు మోకరించాడు. పక్కవాళ్ల ప్రార్థన వినిపించింది, తనది నోరు దాటలేదు.

సోమవారం పని మొదలయ్యే ముందు కరుణ ముఠానంతా కింది అంతస్తులో నిలబెట్టింది. ప్లాస్టిక్ బల్ల మీద మొగిలి బూటు ఉంది. బూట్లు అమ్మిన కంపెనీ నుంచి కిరణ్ పాల్ అనే యువకుడు వచ్చాడు. బకిల్ పట్టేసిందన్న మాట అతనికి గట్టిగానే తగిలినట్టుంది. కాలిన ఆ బూటులోనే కాలు పెట్టి, బకిల్ బిగించి, ఒక్కసారి పట్టీ లాగాడు. బూటు విచ్చుకుని కాలు బయటికొచ్చింది. మళ్లీ చేశాడు. మళ్లీ అలాగే వచ్చింది.

"బకిల్‌లో లోపం లేదు మేడమ్. ఆయన కంగారులో లాగి ఉండరు. ఇది కార్మికుడి పొరపాటు, అలాగే రాసుకోండి," అన్నాడు.

కరుణ ఇబ్బందిగా చూసింది. ఫోన్‌లో మొగిలి కూడా అలాగే చెప్పాడని ఒప్పుకుంది. అలా రాస్తే కాంట్రాక్టరు వైద్యానికి వెనకాడతాడని, అతన్ని మళ్లీ కటింగ్‌లోకి రానివ్వడని అక్కడ తెలియనివాళ్లు లేరు. ఆమె చూపు బూటు మీద ఆగింది. గార్డు కింద తోలు మీద రెండు సన్నని గాడులు. వేలితో తడిమింది.

"ఇవేంటి మేస్త్రీ?"

ఇంకో అబద్ధం నోట్లో సిద్ధంగా ఉంది. రవాణాలో పడ్డ గీతలండి అంటే సరిపోతుంది. జోసెఫ్ నోరు తెరిచాడు.

"నేను కట్టిన వైరండి అది," అన్నాడు. "మొగిలి వద్దన్నాడు. నేను ఎగతాళి చేసి కట్టాను. ఆడు పట్టీ లాగాడు, రెండు సార్లు లాగాడు. బకిల్ ఊడింది, వైరు వదల్లేదు. తర్వాత వైరు దాచేసి మీకు అబద్ధం చెప్పాను."

ముఠా అదిరిపడుతుందనుకున్నాడు. ఎవరూ కదల్లేదు. ఒక్కరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. అందరూ నేల చూస్తున్నారు. వాళ్లకు తెలుసు. ప్లయర్‌తో తెంచింది నరేందరే. నాలుగు రోజులుగా తన ముందు వాళ్లంతా తలలు దించుకుని పని చేసుకుంటూంటే మొగిలి కోసం బాధ అనుకున్నాడు. అది తనను చూడలేక.

"తెలిసి కూడా ఎందుకు చెప్పలేదు నరేందర్?" అంది కరుణ.

"మేస్త్రీ చెప్తడని చూసినం మేడమ్," అన్నాడు నరేందర్. తర్వాత ఇంకా మెల్లగా, "మేం గూడ గట్లనే ఉన్నం," అని ప్యాంటు కొస పైకెత్తాడు.

బూటు చుట్టూ వైరు అలాగే ఉంది. అతని పక్కవాడికీ ఉంది. వరుసలో ఆఖరి మనిషిదాకా ఉంది. మొగిలి కాలు కాలిన మర్నాడు కూడా వాళ్లు ఆ వైర్లతోనే పైకెక్కారు. మేస్త్రీ కాలికి ఉంది కాబట్టి. జోసెఫ్ తన కాళ్లు చూసుకున్నాడు. నిజమే. తనకూ ఉంది. ఇన్ని రోజుల సిగ్గులోనూ దాన్ని తీయాలని ఒక్కసారీ తట్టలేదు.

"మీ మాట అలాగే రాసుకుంటాను," అంది కరుణ. "పీటల సంగతి నేనూ గట్టిగా పట్టుకోలేదు, అదీ రాస్తాను. ఇవాళ్టినుంచి మీరు నిప్పు పని దగ్గరికి పోవద్దు మేస్త్రీ. మేనేజర్ పిలిచేదాకా."

"అలాగేనండి. ఇదొక్కటి చేసి వెళ్తాను."

నరేందర్ దగ్గర ప్లయర్ అడిగి తీసుకున్నాడు. ముందు తన వైర్లు తెంచుకున్నాడు. తర్వాత నరేందర్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. నరేందర్ ఉలిక్కిపడి కాలు వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వెందుకే మేస్త్రీ, పెద్దోనివి, మేం తీసుకుంటం."

"కదలకురా, తోలు తెగుద్ది."

కాలు పట్టుకుని ముందుకు లాగాడు. వైరు టక్కున తెగింది. బకిల్‌ను ఒక గడి వదులు చేశాడు.

"గొంతుకూర్చో. ఊడిందా?"

"లేదే."

"లేచి, పట్టీ లాగు."

నరేందర్ లాగాడు. బూటు జోసెఫ్ చేతుల్లోకి ఊడొచ్చింది. లోపల చెమట వేడి. అతను తలెత్తలేదు. బూటు తిరిగి తొడిగి, మోకాళ్ల మీదే జరిగి, రెండో మనిషి కాలు పట్టుకున్నాడు.