మూడో తీగ, ఆరో తీగ

శనివారం సాయంత్రం నాలుగింటికి పరీక్ష. అది వదినకి కాదు, ఇంట్లో ఉన్న ఇంటర్నెట్‌కి. ఆసుపత్రుల అపాయింట్‌మెంట్లు ఫోన్లో రాసుకునే కంపెనీ ఒకటి వదినకి ఇంటి నుంచే పని ఇస్తానంది. మాట తీరు నచ్చింది, టైపింగ్ నచ్చింది. ఒక్కటే షరతు. కంప్యూటర్‌కి వైఫై పనికిరాదు, వైరే ఉండాలి. అరగంట పరీక్షలో లైను మీద పంపిన సమాచారంలో ఒక్క శాతానికి మించి దారిలో తప్పిపోతే ఆ సీటు వరుసలో తర్వాతి వాళ్ళకి పోతుంది. ఇప్పటికే ఒకసారి పరీక్ష తప్పింది. ఇది రెండోదీ ఆఖరిదీ.

మోడెమ్ వీధి గదిలో ఉంది. అన్నయ్య మంచం వెనక గదిలో. మధ్యలో రెండడుగుల మందం రాతిగోడలు రెండు. అన్నయ్యకి గొంతులో గొట్టం వేసి ఏడు నెలలైంది. కఫం అడ్డుపడితే గురగురమంటుంది. అప్పుడు మోటారు ఆన్ చేసి సన్నటి గొట్టంతో లాగెయ్యాలి, ఆలస్యమైతే పెదాలు నల్లబడతాయి. కాబట్టి వదిన వీధి గదిలో కూర్చుని పని చెయ్యలేదు. మోడెమ్‌నే వెనక్కి మార్చమని అడిగితే ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళు పదిరోజులు పడుతుందన్నారు. ప్రెస్సులో ప్రూఫులు చూసే ఉద్యోగం నాది. నా సెలవు ఆదివారంతో అయిపోతుంది. ఈ పని రాకపోతే వదిన బయటికి వెళ్ళి సంపాదించాలి, అన్నయ్య ఏదో ఒక శరణాలయంలో మంచమెక్కాలి. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. దరఖాస్తు కాగితం మాత్రం బీరువా మీద ఉంది.

వైరు లాగడానికి బాబాయి వచ్చాడు. నలభై ఏళ్ళు ఇళ్ళకి కరెంటు పని చేసిన మనిషి. చేతిలో పురికొస ఉండ.

"ముందు కొలవాలి. కొలవకుండా కొన్నవాడూ, చూడకుండా పెళ్ళాడినవాడూ ఒకటే," అన్నాడు.

"మీరు చిన్నత్తయ్యగారిని చూడకుండానే చేసుకున్నారట కదా," అంది వదిన. ఆ రోజు ఆమె నవ్వింది అప్పుడొక్కసారే.

"అందుకే చెప్తున్నానమ్మా!"

పురికొసని మోడెమ్ దగ్గర్నుంచి గోడ వెంట, తలుపు చట్రాల పైనుంచి, వసారా మీదుగా, వంటగది పక్కనుంచి మంచం పక్క బల్ల దాకా తిప్పాం. ఎక్కి దిగినవన్నీ కలిపితే ముప్పై ఎనిమిది మీటర్లు.

కేబుల్ కొట్టాయన నెమ్మదైన మనిషి. "నూరు మీటర్ల లోపు కదా, భయం లేదు. అది దాటితేనే మధ్యలో ఇంకో పెట్టె కావాలి," అన్నాడు.

"అన్నిట్లోకీ లావుగా ఉన్నది ఇవ్వు," అన్నాడు బాబాయి.

"లావు చూసి కొనడానికి ఇదేమన్నా మోకుతాడా గురువుగారూ? మీకు క్యాట్ ఫైవ్ ఈ రకం చాలు. గోడలో వేసి మళ్ళీ మార్చలేం అనుకుంటే క్యాట్ సిక్స్ తీసుకోండి. అంతకంటే పెద్దది ఇంట్లో వంగదు, మీ పర్సూ వంగదు." బ్లేడుతో ఒక తీగ గీకి చూపించాడు. లోపల దాకా ఎర్రగానే ఉంది. "చౌకదైతే గీకగానే తెల్లబడుతుంది. అల్యూమినియం మీద రాగి పూత. అది వద్దు."

క్యాట్ సిక్స్ నలభై మీటర్లు, దానికి సరిపోయే ప్లగ్గులు ఆరు, ప్లగ్గు నొక్కే శ్రావణం, టెస్టరు తీసుకున్నాం. చివరి రెండూ అద్దెకి.

"ప్లగ్గు వెయ్యడం వచ్చా?" అని అడిగాడు కొట్టాయన.

"ఊరందరి ఇళ్ళకీ వెలుగు ఇచ్చిన చేతులయ్యా ఇవి," అన్నాడు బాబాయి. కొట్టాయన బిల్లు రాసేశాడు.

పని మాత్రం చూడముచ్చటగా చేశాడు. పాత కరెంటు గొట్టంలో ఖాళీ ఉన్నా అందులో దూర్చలేదు. "కరెంటూ ఇదీ ఒక గొట్టంలో ఉంటే అత్తాకోడళ్ళని ఒక గదిలో పెట్టినట్టే," అన్నాడు. కరెంటు లైనుకి జానెడు ఎడంగా నడిపించాడు, దాటాల్సిన చోట నేరుగా అడ్డంగా దాటించాడు. మూలల్లో తీగని మడవకుండా గుండ్రంగా తిప్పాడు. క్లిప్పులు కేబుల్‌ని నొక్కకుండా పట్టుకునేంతవరకే కొట్టాడు. వసారాలో ఎండా వానా పడేచోట గొట్టం తొడిగాడు. గోడకి రంధ్రం బయటివైపు కాస్త వాలుగా వేశాడు, వాన నీళ్ళు లోపలికి రాకుండా. చివర మిగిలిన గజంన్నర ముక్కని కత్తిరించేశాడు.

"కొంచెం చుట్టి ఉంచకూడదా బాబాయ్?" అన్నాను.

"మౌనస్వామి మాట్లాడిందే! తోకలు వేలాడితే అది నా పని కాదమ్మా."

రెండు చివర్లా ప్లగ్గులు వేసి టెస్టరు తగిలించాడు. ఒకటి నుంచి ఎనిమిది దాకా దీపాలు వరసగా వెలిగాయి. రెండో కొసన కూడా అదే వరుస. బాబాయి నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డాడు. "ఇక మీ కంపెనీ వాణ్ణి రమ్మను."

అప్పటికి ఒంటిగంటా పది. కంపెనీ ముందుగానే పంపిన సాధన పరీక్ష వదిన నొక్కింది. తెర మీద అంకె కదిలింది. తప్పిపోయినవి పద్ధెనిమిది శాతం.

మళ్ళీ నొక్కింది. ఇరవై రెండు. మధ్యలో వైరు లేనట్టే పోయి మళ్ళీ వచ్చింది.

వదిన వేళ్ళు కీబోర్డు మీద అలాగే ఉండిపోయాయి. అదే సమయానికి అన్నయ్య గొంతు గురగురమంది. ఆమె లేచి మోటారు పెట్టి, కఫం లాగి, గొంతు తుడిచి, వచ్చి మళ్ళీ నొక్కింది. పందొమ్మిది.

కంప్యూటర్ వీధి గదికి మోసుకెళ్ళి మోడెమ్‌తో వచ్చిన జానెడు వైరు తగిలించాం. సున్నా. అంటే లైను మంచిదే, కంప్యూటరూ మంచిదే. తప్పు మన ముప్పై ఎనిమిది మీటర్లలోనే ఉంది.

"వంటగది పక్కన కరెంటు లైను దగ్గరైందేమో," అని బాబాయి తను కొట్టిన క్లిప్పులు తనే పీకాడు. ఇంకో జానెడు ఎడం జరిపాడు. ఇరవై శాతం. మూలలు ఇంకా వదులు చేశాడు. పద్ధెనిమిది. రాతి రంధ్రంలో గీసుకుందేమోనని లాగి చూశాడు, ఎక్కడా గీత లేదు. రెండున్నరకల్లా చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. గోడ పొడుగునా పీకిన మేకుల గుంటలు. కొట్టాయనకి ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు.

"టెస్టరు బాగుందన్నాక ఇంకేం చేస్తాం?" అన్నాడు. ఆ గొంతులో అంతకుముందు ఎప్పుడూ లేని భయం విన్నాను.

వదిన బీరువా వైపు చూసింది.

నాకు చేతనైనది ఒక్కటే, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి తేడా చూడడం. మోడెమ్ వైరు ప్లగ్గునీ మా ప్లగ్గునీ వెలుగులో పట్టుకున్నాను. ప్లాస్టిక్ పారదర్శకం, లోపల తీగల రంగులు కనిపిస్తాయి, నాలుగు నిండు రంగువి, నాలుగు తెలుపు మీద అదే రంగు చార ఉన్నవి. మాది: నారింజచార, నారింజ, పచ్చచార, పచ్చ, నీలంచార, నీలం, గోధుమచార, గోధుమ. వాళ్ళది: నారింజచార, నారింజ, పచ్చచార, నీలం, నీలంచార, పచ్చ, గోధుమచార, గోధుమ.

"బాబాయ్, వాళ్ళది పచ్చ జంట మధ్యలో నీలం జంట దూరింది. పచ్చచార మూడోది, పచ్చ ఆరోది."

"రంగుదేముందే? ఈ కొసా ఆ కొసా ఒకటే వరుస ఉంటే చాలు. తీగకి రంగు తెలుస్తుందా?"

"తెలియకపోతే వాళ్ళెందుకు అలా పెట్టారు?"

కత్తిరించిన గజంన్నర ముక్క చర్మం ఒలిచి చూశాను. నాలుగు జంటలూ మెలివేసి ఉన్నాయి. ఒక్కొక్క జంటది ఒక్కో మెలి, ఒకటి బిగువు, ఒకటి వదులు. ఊరికే ఎవరూ ఇంత పని పెట్టుకోరు. కానీ నాకు తెలిసింది అంతే.

బాబాయి ముక్క చూశాడు, ప్లగ్గు చూశాడు. "ఇప్పుడు రెండు కొసలూ కోసేస్తే మళ్ళీ దీపాలే వెలగకపోవచ్చు. మిగిలినవి నాలుగు ప్లగ్గులు. టైము మూడుంబావు."

"కొయ్యండి చిన్నమావయ్యగారూ," అంది వదిన. "ఇప్పుడున్నదానికంటే చెడేదేముంది?"

కోశాడు. అప్పుడే కొట్టాయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. బాబాయి స్పీకర్లో పెట్టి, తను వేసిన రంగుల వరుస చెప్పాడు.

"అయ్యో, జంటలు విడగొట్టారా గురువుగారూ! ఒకటీ రెండూ ఒక జంట, మూడూ ఆరూ ఒక జంట, నాలుగూ ఐదూ, ఏడూ ఎనిమిదీ. కలిసి మెలేసుకున్న రెండు తీగలే ఒక మాట మోయాలి. మీరు మూడుకీ ఆరుకీ వేరే వేరే జంటల తీగలు పెట్టారు. పక్కింటి మాటలు ఇందులో పడతాయి. టెస్టరు తీగ తెగిందా లేదా అనే చూస్తుంది, అది పట్టదు. మెలి కూడా ఎక్కువ విప్పకండి, అరంగుళం లోపే."

"నేనొక్క మాట అడిగుండాల్సింది," అన్నాడు బాబాయి.

"నేనే చెప్పుండాల్సింది," అన్నాడాయన.

వీధి గది చివర మొదటిసారికే పడింది. వెనక గది చివర మాత్రం ఒక తీగ పొట్టిగా ఉండిపోయి ఆరో దీపం వెలగలేదు. బాబాయి ప్లగ్గు కోసి పారేశాడు. మిగిలినవి రెండు. నేను రంగులు పైకి చదివాను, వదిన తీగలు సాపు చేసి వరసగా పట్టుకుంది, బాబాయి నొక్కాడు. ఎనిమిదీ వెలిగాయి. కానీ ఈసారి ఎవరూ ఆ దీపాల్ని నమ్మలేదు.

వైరు బల్లకి జానెడు దూరంలో ఆగిపోయింది. రెండుసార్లు కోసిన కొస, ముందే తీసేసిన తోక. బల్ల జరిపితే వదిన చెయ్యి మోటారుకి అందదు. బాబాయి తలుపు పక్క చివరి ఆరు క్లిప్పులు పీకి, వైరుని గోడ మీద ఏటవాలుగా వేలాడదీశాడు. జీవితంలో ఎప్పుడూ అంత వికారమైన లైను వేసి ఉండడు. మూడూ యాభై ఎనిమిది. సాధన చెయ్యడానికి టైము లేదు.

కంపెనీ నుంచి ఒకావిడ గొంతు. "మొదలుపెడదామా అమ్మా?" అంకె సున్నా దగ్గర నిలబడింది. ఒక నిమిషం. అయిదు. పది. బాబాయి గోడకి ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. ఇరవై ఆరో నిమిషంలో అంకె కదిలింది. సున్నా పాయింట్ ఒకటి. అరగంట నిండేదాకా అక్కడే ఆగింది.

"సరిపోయిందమ్మా, లైను బాగుంది. ఇప్పుడు డ్యూటీ వివరాలు చెప్తాను, రాసుకోండి," అంటోంది ఆవిడ. సరిగ్గా అప్పుడు అన్నయ్య గొంతు గురగురమంది.

వదిన చూపుడు వేలు మైకు ఆపింది. రెండో చేత్తో మోటారు ఆన్ చేసింది. హెడ్‌ఫోన్ చెవి మీదనుంచి జారి మెళ్ళో పడింది. గొట్టం లోపలికి, బయటికి. తుడిచింది. అన్నయ్య కళ్ళు తెరిచి ఆమెనే చూస్తున్నాడు. హెడ్‌ఫోన్‌లోంచి సన్నగా వస్తున్న మాటలకి నేను చెవి దగ్గరగా పెట్టాను.

వదిన మోటారు ఆపి, హెడ్‌ఫోన్ సర్దుకుని, మైకు తెరిచింది.

"విన్నారా అమ్మా?"

"విన్నానండీ," అంది వదిన. ఒక్క ముక్కా వినలేదు.

నేను కాగితం మీద రాసి ఆమె ముందు పెట్టాను. సోమవారం, పొద్దున్న ఆరు.