అక్క ఎంచిపెట్టిన ఫ్రేము

చెల్లెలికి అద్దాలు తీస్తే ఎదుటి మనిషి ముఖం అలికేసినట్టే కనిపిస్తుంది. మైనస్ ఏడు పవరు. కళ్ళజోళ్ళ షాపులో కొత్త ఫ్రేము పెట్టుకుని అద్దంలో చూసుకుందామన్నా, అందులో పవరు ఉండదు కనుక తన ముఖం తనకే కనబడదు. అందుకే ఎనిమిదేళ్ళుగా ఆమె ఫ్రేములన్నీ అక్కే ఎంచింది. అక్క ఆ షాపులోనే పని చేస్తుంది. "నేను చూస్తున్నాగా, నీకెందుకే!" అనేది. ఈమె నమ్మేది. సొంత అక్కను నమ్మకపోతే ఇంకెవరిని నమ్ముతాం?

ఈ సోమవారం నుంచి ఆసుపత్రిలో ముందు కౌంటరులో పని. ఇన్నాళ్ళూ వెనక గదిలో ఫైళ్ళు సర్దుకుంది. ముందు కౌంటరు అడగడానికే నాలుగేళ్ళు పట్టింది, ఈ ముఖం వేసుకుని జనం ముందు ఎలా కూర్చుంటాననే బెరుకుతో. ఆ ధైర్యం చల్లారకముందే కొత్త ఫ్రేమూ, స్కూటరు మీదకి చలువ కళ్ళద్దాలూ తీసుకుందామని షాపుకు వచ్చింది. అక్క భోజనానికి వెళ్ళింది. కొత్తగా చేరిన సేల్స్ అమ్మాయి సంగతంతా విని కూర్చోబెట్టింది.

"ఇది ఎవరిచ్చారండీ?" అని పాత ఫ్రేము తీసి తిప్పి చూసింది. నల్లటి, మందపాటి, గుండ్రటి ఫ్రేము. "మీది చక్కటి గుండ్రటి ముఖం. దాని మీద మళ్ళీ గుండ్రాలు పెడితే బుగ్గలు ఇంకా బూరెల్లా కనబడవూ? పైగా ఇంత పెద్ద ఫ్రేములో మీ పవరుకి అంచులు అట్టముక్కల్లా లావైపోతాయి. రోజూ ఏం రంగు బట్టలు వేసుకుంటారు?"

"లేత రంగులే. నా ముఖానికి ముదురు రంగులు నప్పవంది మా... ఒకావిడ."

"సోమవారం నుంచి యూనిఫాం ఏ రంగు?"

"ముదురు నీలం."

ఆ అమ్మాయి చిన్న, కాస్త పలకల ఫ్రేము తెచ్చింది, తేనెరంగుది. ముక్కు మీద జారకుండా చూసింది, కంటిపాప గాజు మధ్యకి వస్తోందా అని ఎదురుగా నిలబడి చూసింది. "నవ్వండి. బుగ్గలు తగిలి ఫ్రేము పైకి లేవకూడదు. చలువ అద్దాలకీ ఇదే పరీక్ష." ఫోనుతో ఫోటో తీసి, పాత అద్దాలు పెట్టించి చూపించింది.

ఫోటోలో ఉన్న మనిషిని చెల్లెలు ఎరుగును. అచ్చం అక్కే. అక్క ఎనిమిదేళ్ళుగా పెట్టుకుంటున్న ఫ్రేము వాటమే ఇది, ఆ తేనెరంగే. ఇద్దరిదీ ఒకటే ముఖమని చిన్నప్పుడు అందరూ అనేవారు. తర్వాత్తర్వాత ఎవరూ అనలేదు.

"మీ కార్డు మీద కూడా ఇదే రాసుంది చూడండి," అంటూ అమ్మాయి సొరుగులోంచి పాత కార్డు తీసింది. ప్రతి కస్టమరుకీ ఒకటి ఉంటుందట. అక్క గుండ్రటి చేతిరాత: ముఖం గుండ్రం. పలకల ఫ్రేము, చిన్నది, తేనెరంగు. బాగా నప్పింది. కింద ఇంకో వరస: ఇచ్చినది, నలుపు, గుండ్రం, పెద్దది. తేదీ ఎనిమిదేళ్ళ కిందటిది.

అప్పుడే అక్క తలుపు తోసుకుని వచ్చింది. కార్డునీ, చెల్లెలినీ చూసి ఆగిపోయింది.

"నప్పిందని రాశావు కదక్కా. మరి ఎందుకివ్వలేదు?"

"పాత సంగతులు ఇప్పుడెందుకే..."

"ఎందుకివ్వలేదు?"

అక్క స్టూలు మీద కూలబడింది. "పెట్టి చూశానే. ఎంత బాగున్నావో! అప్పటికే ఇంట్లో అందరూ నిన్నే ముద్దు చేసేవారు. ఈ ఒక్కసారికి అనుకున్నా. తర్వాత మార్చడానికి ముఖం చెల్లలేదు."

"అక్కా, నీకు ఫ్రేము భలే ఉందే అని నేనెన్నిసార్లు అన్నాను? వింటూ కూర్చున్నావు కదా!"

ఎనిమిదేళ్ళ ఫోటోలు చెల్లెలి కళ్ళ ముందు తిరిగాయి, ప్రతి దాంట్లోనూ వెనక వరసలో సగం దాక్కున్న తను. పరాయివాళ్ళు చేసి ఉంటే రెండు తిట్లు తిట్టి వదిలేసేది.

"ఈ ఫ్రేమే ఇవ్వండి," అంది అమ్మాయితో.

"గాజులు చేయించాలి కదండీ, నాలుగు రోజులు పడుతుంది. బుధవారం తీసుకోండి."

ఇవాళ శనివారం. అంటే సోమవారం ముందు కౌంటరులో కూర్చునేది ఆ నల్ల గుండ్రాలతోనే.

కళ్ళు తుడుచుకోవడానికి అద్దాలు తీసి కౌంటరు మీద పెట్టింది. అంతా మసక. అక్క చెయ్యి అలవాటుగా వాటి మీదికి వచ్చింది. తుడిచి, కాడలు సరిచేసి పెట్టడం ఎప్పుడూ అక్క పనే. "ఇటివ్వవే, చెవి వెనక వదులైనట్టుంది..."

"నువ్వు ముట్టుకోకు."

తడుముకుని తనే తీసుకుంది. పెట్టుకుంది. అవి లేకపోతే తలుపు ఎటు ఉందో కూడా తెలియదు మరి.