గేజీ చూపే సున్నా

ఆరు లెక్కల్లోనూ అవే తప్పులు. బాయిలర్ ఆపరేటర్ చేసిన థర్మోడైనమిక్స్ హోంవర్క్ దిద్దుతున్న ట్యూటరుకు ఒళ్లు మండిపోయింది. ‘అజాగ్రత్త’ అని ఎర్ర పెన్నుతో రాసి, కొట్టేసి, కుర్చీలోంచి లేచి, మళ్లీ కూలబడింది. ఆయనేమో షిఫ్టుకు టైమైపోతోందని గుమ్మంలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

సూత్రాలు సరైనవే, మెట్లూ తిన్నగానే ఉన్నాయి. పీడనం దగ్గర మాత్రం గేజీ మీది అంకెనే వేశాడు, బయటి గాలి పీడనం కలపలేదు. ఉష్ణోగ్రతల్ని కెల్విన్‌లోకి మార్చకుండా సెల్సియస్‌లోనే వదిలేశాడు.

“గేజీ సున్నా చూపిస్తే లోపల పీడనమే లేదనుకున్నారా?” అంది విసుగ్గా.

“సున్నాకి దిగాకే మూత తీస్తాం మేడం. ఇరవై ఏళ్లుగా అదే చూస్తున్నా. మా దగ్గర ఒక్కళ్లకీ ఆవిరి కొట్టలేదు.”

ఆమె పెన్ను ఆగింది. తర్వాత గబగబా రాసింది: ‘మీవి రెండు తప్పులు కావు, ఒకటే. పరికరం చూపే సున్నాని అసలు సున్నా అనుకుంటున్నారు. గేజీ సున్నా అంటే లోపలా బయటా పీడనం సమానమని మాత్రమే. లెక్క మొదలుపెట్టేముందే గేజీ అంకెకు గాలి పీడనం, సెల్సియస్ అంకెకు 273 కలపండి. మిగతాదంతా మీకు వచ్చేసింది. ఆరూ మళ్లీ చేసి తెండి.’

ఆయన కాగితం అందుకుని మెట్లు దిగిపోతుంటే, ఆమె వెనకే పరుగెత్తి దాన్ని లాక్కుని, గోడకు ఆనించి ఇంకో ముక్క గీకింది.

‘బాయిలర్ దగ్గర మాత్రం ఏమీ కలపొద్దు. మీ సున్నానే నమ్మండి.’