పాండురంగారావు తీసిన కొవ్వొత్తి ఫొటో

పెంటపాడులో సుగుణ మొదట చర్చికి తెల్ల కొవ్వొత్తులే చేసేది. ఏడాదిగా సువాసన కొవ్వొత్తులు మొదలుపెట్టింది. మైనం కరిగాక పొయ్యి మీంచి దించి, కాస్త వేడి తగ్గాక సంపెంగ నూనె కలిపి అచ్చుల్లో పోసేది. చల్లారేకొద్దీ మైనం మీద మంచుపూలలాంటి మచ్చలు విచ్చుకునేవి. ఆ పూల కోసమే, మచ్చలు పడనివ్వని గట్టిపరిచే పొడి వేయడం ఆమె మానేసింది.

విశాఖపట్నంలో ఒక కానుకల దుకాణం వాళ్లు నమూనా చూసి, క్రిస్మస్‌కి అచ్చేసే మా సరుకుల పుస్తకంలో వేస్తాం, మంచి ఫొటో పంపమన్నారు. దాంతో ఆమె తాడేపల్లిగూడెంలో పాండురంగారావు స్టూడియోకి వెళ్లింది. ఆయన పాతికేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్న మనిషి. కొత్తగా డిజిటల్ కెమెరా కొన్నాడు.

"మాట్లాడని పెళ్లికూతురు దొరికిందండీ ఇన్నాళ్లకి," అంటూ ఎర్ర వెల్వెట్ గుడ్డ మీద కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి, పక్కన ప్లాస్టిక్ గులాబీలు పెట్టి, ఫ్లాష్ కొట్టాడు.

కెమెరా వెనక తెర మీద బొమ్మ చూసి సుగుణ నీరుగారిపోయింది. మంట ఆనవాలైనా లేదు. మంచుపూలు మాయం. సున్నపు కణికలా ఉంది.

"ఇది వెలిగినట్టే లేదండీ," అంది మెల్లగా.

ఆయన మొహం కాస్త మాడింది. "వెలుతురు చాల్లేదంతే," అని వీడియోలకి వాడే పెద్ద లైట్లు రెండు దగ్గరగా జరిపాడు. పావుగంటలో కొవ్వొత్తికి చెమట పట్టింది. వేడికి నూనె బొట్లుబొట్లుగా పైకొచ్చి, ఒంటి మీదినుంచి జారసాగింది. గదంతా సంపెంగ వాసన గుప్పుమంది గానీ, ఫొటోలో మాత్రం కొవ్వొత్తి జిడ్డు మొహంతో కూర్చుంది.

లైట్లు ఆపేసి పాండురంగారావు స్టూలు మీద చతికిలబడ్డాడు. "పెళ్లికూతురికైతే పౌడరద్దేవాణ్ణి. దీన్నేం చెయ్యను?"

సుగుణకి నవ్వొచ్చింది. నవ్వుతూనే తన ఇంట్లో సాయంత్రం ఎలా ఉంటుందో గుర్తుచేసుకుంది. "మా ఇంటికి రండి. పొద్దు వాలే వేళకి కిటికీ దగ్గర పెడితే ఇది బాగుంటుందండీ. నేను రోజూ చూస్తాను కదా."

మర్నాడు ముసురు. గొడుగు, స్టాండు పట్టుకుని ఆయన వచ్చేసరికి సుగుణ గంటన్నర ముందే కొత్త కొవ్వొత్తి వెలిగించి ఉంచింది. వత్తి చుట్టూ మైనం కరిగి చిన్న గుంటలా నిలిచింది. దాని అంచు వెలుగుకి లేత తేనెరంగులో మెరుస్తోంది. ఆమె మంట ఆర్పి, వత్తి కొస కత్తిరించి మళ్లీ వెలిగించింది. పొగ ఆగి మంట చిన్నదై నిలబడింది.

పాండురంగారావు ఫ్లాష్ తీసి సంచిలో పెట్టేశాడు. కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా బల్ల జరిపాడు. మంచుపూలు ఒక్కొక్కటీ లేచి కనబడ్డాయి. నీడ వైపు కాస్త వెలుగు పడేలా తెల్ల థర్మోకోల్ అట్ట నిలబెట్టాడు. ప్లాస్టిక్ గులాబీల జోలికి పోలేదు. సుగుణ పాత దుప్పటి మడతపెట్టి పరిచి, భర్త దేవరాజు చదివే పుస్తకం, కళ్లజోడు పక్కన పెట్టింది.

"ఏవండీ, ఫ్యానాపండి. ఊపిరి కూడా అటు వదలకండి," అంది భర్తతో. బళ్లో లెక్కలు చెప్పే దేవరాజు తన కాఫీ గ్లాసుతో సహా గోడకంటుకుపోయాడు.

మొదటి బొమ్మలో మంట తెల్లగా పాలిపోయి వచ్చింది. "కెమెరా తెలివి ఎక్కువైందండీ, పసుపుని తనే కడిగేస్తోంది," అని పాండురంగారావు రంగుల అమరికను ఎండ గుర్తు మీదికి తిప్పాడు. స్టాండు బిగించి, చెయ్యి తగలకుండా టైమర్ పెట్టాడు. అర సెకను పాటు కెమెరా కన్ను తెరుచుకుని మూసుకుంది.

ముగ్గురూ తెర మీదికి వంగారు. కిటికీ అవతల నీలి ముసురు. ఇవతల కొవ్వొత్తి పైభాగం లోపలినుంచి వెలిగిన పండులా ఉంది. కళ్లజోడు అద్దంలో చిన్న మంట. ఎవరో ఇప్పుడే పుస్తకం మూసి కాఫీ కోసం లేచారనిపించేట్టుంది.

దేవరాజు చాలాసేపు చూసి, "ఇది మనిల్లేనా సుగుణా?" అన్నాడు.

"మనిల్లే. మీరు రోజూ లైటేసుకుని కూర్చుంటారు," అందామె. లోపల మాత్రం ఇన్నాళ్లూ తను ఒక్కతే చూసినది ఇప్పుడు అందరికీ కనబడుతుందన్న సంతోషం పొంగింది.

క్రిస్మస్ పుస్తకం మొదటి పేజీలో ఆ ఫొటోయే వేశారు. ఆర్డర్లు ఎక్కువై సుగుణ తన వదినని కూడా పనిలోకి పిలవాల్సి వచ్చింది. పాండురంగారావు ఒక కాపీ పెద్దది చేయించి స్టూడియో అద్దాల కిటికీలో, పెళ్లిజంటల నడుమ తగిలించాడు.

ఫిబ్రవరిలో ఆయనే ఫోన్ చేశాడు. "సుగుణమ్మగారూ, పెళ్లికూతురొకావిడ వచ్చి, తనకి ఆ కొవ్వొత్తి వెలుతురులోనే ఫొటో కావాలని కూర్చుందండీ. ఓ అరడజను పట్టుకుని సాయంత్రం రాగలరా?"

"వస్తానండీ. ముందు ఆ ఫ్యానాపమనండి," అంది సుగుణ, కత్తెర కోసం వెతుక్కుంటూ.