చెప్పొద్దన్న ఆరంకెలు

మురళీమోహన్ నోట్లో ముప్పై రెండు పళ్లూ గట్టిగానే ఉన్నాయి. పోటంతా పరాయివాళ్ల పన్నుతోనే. పోచంపల్లిలో ధర్మయ్య సేటు పట్టుచీరల వ్యాపారానికి పదకొండేళ్లుగా లెక్కలు రాస్తున్న అతనికి, అక్టోబరు మొదటి వారంలో ఆ పోటు తలకెక్కింది.

జూలైలోనూ ఆగస్టులోనూ షాద్‌నగర్‌లోని ఒక రంగుల దుకాణం నుంచి పట్టుకు అద్దే రంగులు తెప్పించారు. రెండు బిల్లులూ కలిపి మూడు లక్షలు, పైన పద్దెనిమిది శాతం జీఎస్టీ యాభై నాలుగు వేలు. సేటు అంతా కట్టేశాడు. చీరల మీద తాను ప్రభుత్వానికి కట్టాల్సిన పన్నులో ఆ యాభై నాలుగు వేలు తగ్గించుకోవచ్చు. అయితే దుకాణంవాడు తన నెలవారీ రిటర్న్ వేసి, ఆ బిల్లులు అందులో చూపిస్తేనే. వాడు జూలైదీ వేయలేదు, ఆగస్టుదీ వేయలేదు. దాఖలు చేసిన దాఖలా లేదు.

"ఈ పదకొండు లోపల వేస్తే పద్నాలుగుకు వెబ్‌సైట్ల మనకు తగ్గే పన్ను పట్టీల కనపడుతది సేటూ. ఇరవై లోపల మనం పన్ను కట్టేటప్పుడు తగ్గుతది" అన్నాడు మురళీమోహన్.

"వేయకపోతే?"

"వాడు వేసినంక వచ్చే నెలల వస్తది."

"దీపావళి వచ్చే నెల రాదు కద! మగ్గాలోళ్లకు పండుగ అడ్వాన్సని తీసి పెట్టిన పైసలే పన్నుకు కట్టాలె. పద్దెనిమిది ఇండ్లకు పోయి 'మా రంగులాయన రిటర్న్ వెయ్యలే, పండుగ మీరు కూడ వాయిదా వేస్కోండ్రి' అని నువ్వు చెప్తవా?"

చెప్పలేడు. అందుకే రాశాడు. ముందు మర్యాదగా ఒక మెయిలు: బిల్లుల నంబర్లు, తేదీలు, ఇరువైపులా జీఎస్టీ నంబర్లు, త్వరగా సరిచేయమని మనవి. జవాబు రాలేదు. పోస్టులో ఇంకోటి పంపాడు: సరిచేయకపోతే ఇకమీద కొనుగోళ్లు ఆపేస్తామని. దుకాణం నడిపే సాయికిరణ్ నుంచి వాట్సాప్‌లో ఒక్క ముక్క వచ్చింది. "సర్వర్ డౌన్ సార్." పక్కన రెండు చేతుల దండం.

"హోటల్ల సర్వర్ కూడ ఇన్ని దినాలు పండడు!" అని మురళీమోహన్ కుర్చీ మీద గుద్దాడు. రిటర్న్ వేయనివాడు రిటర్న్ కాల్ కూడా చేయలేదు. జవాబుదారీ అంటారు గానీ ఇక్కడ జవాబూ లేదు, దారీ లేదు.

ఎనిమిదో తేదీ పొద్దున బస్సెక్కాడు. షాద్‌నగర్‌లో దిగేసరికి ఎండ నెత్తి మీదుంది. దుకాణంలో సాయికిరణ్ పసుపు రంగు డబ్బా తూస్తున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. మురళీమోహన్‌ను చూడగానే మొహం ఆ డబ్బాలోంచి తీసినట్టయింది.

"సర్వర్ లేచిందా తమ్మీ?"

"అన్నా, కూసో. చాయ్ తాగుతవా?"

"చాయ్ తాగనీకి ఇంత దూరం రాలే. ప్రభుత్వం వెబ్‌సైట్ల నీ దుకాణం నంబరు కొట్టి చూసిన. జూన్ దాక అన్నీ టైముకు వేసినవు. జూలై నుంచి ఏమైంది? పైసలు లేవా?"

"పైసలున్నయి. పన్ను పైసలు పక్కకే పెట్టిన, ఒట్టు." సాయికిరణ్ తక్కెడ దింపాడు. వెనక్కి చూసి గొంతు తగ్గించాడు. "ఓటీపీ లేదన్నా."

"ఓటీపీ లేకపోవుడేంది?"

"దుకాణం అమ్మ పేరు మీదుంది. ఆడోళ్ల పేరైతే లోను జల్ది వస్తదని పెట్టినం. రిటర్న్ వేసేటప్పుడు ఓటీపీ అమ్మ ఫోనుకు పోతది. ఆమె మక్తల్‌ల చేను కాడ ఉంటది. మెయిలుకు కూడ వస్తది గని, ఆ మెయిలు తెరిచి పాస్‌వర్డ్ పెట్టిన ఇంటర్నెట్టాయన దుకాణం ఎత్తేసి పోయిండు."

"అయితే ఫోన్ చేసి అడుగు!"

"చెప్తలేదన్నా." అతని చెవులు ఎర్రబడ్డాయి. "జూలైల వాళ్ల మహిళా సంఘంల ఒకామె కొడుకు గొంతని నమ్మి ఓటీపీ చెప్తే నలభై వేలు పోయినయి. అందరు ఒట్టేసుకున్నరు. ఎవ్వరికి చెప్పొద్దు, చెప్తే సంఘానికి ఐదు వందల దండుగ. అమ్మనేమో సంఘం అధ్యక్షురాలాయె."

"నువ్వు నిజం కొడుకువే కద?"

"నేను ఫోన్ల అడిగితే 'అందరు గట్లనే అంటరు' అని కట్ చేస్తది. పోయి ఎదురుంగ అడిగితే 'ఒట్టు ఒట్టే' అంటది. ఇదంత గిరాకీలకు ఏమని చెప్పాలె? ఇజ్జత్ పోతది. అందుకే సర్వర్..."

మురళీమోహన్ తల పట్టుకున్నాడు. ఇన్నాళ్లూ తాను రాసిన ఉత్తరాలన్నీ తప్పు మనిషికి పోయాయి. రిటర్న్ ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషికి ఒక్క కాగితమూ అందలేదు. అక్కడే బల్ల మీద తెల్లకాగితం పరిచి, బల్ల మీది పసుపు రంగు అంటిన చేత్తోనే రాశాడు.

"శ్రీమతి కృష్ణమ్మ గారికి నమస్కారం. జూలై 9న, ఆగస్టు 12న మీ దుకాణంలో మేము రంగులు కొన్నాము. బిల్లుల నంబర్లు 118, 163. వాటి మీద పన్ను యాభై నాలుగు వేలు మీకు చెల్లించాము. మీ పేరున వేయాల్సిన రిటర్న్‌లు వేయనందున, ఆ పన్నును మేము తగ్గించుకోలేకపోతున్నాము. ఈ నెల పదకొండు లోగా జూలై, ఆగస్టు అమ్మకాల రిటర్న్‌లు వేయించి, పన్ను కట్టించవలసిందిగా కోరుతున్నాము. ఆలస్యమైతే పద్దెనిమిది మగ్గాల ఇళ్లకు పండుగ డబ్బు అందదు. ఓటీపీ మీరు ఎవరికీ చెప్పనక్కర లేదు. నాకు కూడా చెప్పకండి. షాద్‌నగర్ వచ్చి, కంప్యూటర్‌లో మీ పేరు చూసుకొని, మీ వేలితో మీరే కొట్టండి."

సంతకం చేసి, మడిచి, అంటించి ఇచ్చాడు. "ఈ రాత్రికే తీస్కపో. నోటితోని ఏం చెప్పకు. ఇచ్చి ఊకో."

పదో తేదీ మధ్యాహ్నం షాద్‌నగర్‌లో, సాయికిరణ్ రిటర్న్‌లు వేసే లెక్కలాయన గదిలోకి కొడుకు వెంట కృష్ణమ్మ వచ్చింది. చేతిలో ఉత్తరం, కొంగుముడిలో బటన్ల ఫోను. ఉండబట్టలేక పోచంపల్లి నుంచి మళ్లీ వచ్చిన మురళీమోహన్ లేచి నిలబడ్డాడు.

"రాసింది నువ్వేనా బిడ్డా?"

"నేనేనమ్మా."

"అయితే గోడ దిక్కు తిరుగు. అందరు తిరుగుండ్రి."

ముగ్గురు మగవాళ్లు గోడకున్న క్యాలెండరును చూస్తూ నిలబడ్డారు. కృష్ణమ్మ ముందు తెర మీద తన పేరు వెతుక్కుంది. అక్షరం అక్షరం చదువుకుంది. అది అయ్యేసరికి ఓటీపీ గడువు తీరిపోయింది. మళ్లీ తెప్పించారు. రెండోసారి తొమ్మిదికి బదులు ఆరు కొట్టింది. మురళీమోహన్ వెనక్కి తిరగబోతే "గోడ!" అని గద్దించింది. మూడోసారికి జూలై అమ్మకాల రిటర్న్ దాఖలైంది. ఆలస్య రుసుము, వడ్డీతో సహా జూలై పన్ను కట్టే రిటర్న్‌కు ఇంకో ఓటీపీ. అది అయితే గానీ ఆగస్టుది తెరుచుకోదు. దానికి మరొకటి. క్యాలెండరులో పండుగలన్నీ మురళీమోహన్‌కు కంఠతా వచ్చేశాయి.

అంతా అయ్యాక ఆమె కొడుకు వైపు తిరిగింది.

"సర్వర్ ఖరాబయిందని చెప్పినవట. ఆ సర్వర్ నేనేనారా?"

"అది కాదమ్మా..."

"నా పేరు మీద దుకాణముంది, పన్నుంది, దండుగుంది. ఇట్ల అని ఒక్కనాడన్న చెప్పినవా? 'ఓటీపీ చెప్పు, ఓటీపీ చెప్పు' అంటే దొంగ కూడ అదే అంటడు. ఈ సారు రాసిండు, నాకు సమజైంది."

పద్నాలుగున మురళీమోహన్ కంప్యూటరు తెరిచాడు. పట్టీలో 118 ఉంది, 163 ఉంది. ధర్మయ్య సేటును పిలిచి చూపించాడు. సేటు బీరువా తెరిచి, పండుగ అడ్వాన్సుల కవర్లు మగ్గాల లెక్కన బల్ల మీద పేర్చడం మొదలుపెట్టాడు.

అప్పుడే ఫోను మోగింది.

"బిడ్డా, నేను కృష్ణమ్మను. మీ పన్ను కనపడ్డదా?"

"కనపడ్డదమ్మా! మొత్తం యాభై..."

"ఆగాగు! ఫోన్ల లెక్కలు చెప్పొద్దు. కాయితం రాసి పంపు."

కట్ అయింది. మురళీమోహన్ ఫోను వైపు చూశాడు, సేటు వైపు చూశాడు, పళ్లు పటపట కొరికాడు. తర్వాత తెల్లకాగితం తీసి, "శ్రీమతి కృష్ణమ్మ గారికి నమస్కారం" అని మొదలుపెట్టాడు.